గుమ్మం దగ్గర చెత్త ఎవరిది?

పాలు కాచుకున్నాక ఖాళీ ప్యాకెట్‌ని మనం చెత్తబుట్టలో పడేస్తాం. పిల్లలు తిన్న చిప్స్ ప్యాకెట్ కూడా అందులోకే వెళ్తుంది. మనకి రెండూ ప్లాస్టిక్కే. చెత్త ఏరుకుని బతికే మనిషికి మాత్రం ఆ రెంటికీ చాలా తేడా ఉంది. పాల ప్యాకెట్ మెత్తగా సాగుతుంది. పాత సామాన్ల కొట్టువాడు దాన్ని కిలోల లెక్కన కొంటాడు. చిప్స్ ప్యాకెట్ చేత్తో నలిపితే కరకరలాడుతుంది, లోపల వెండిలా మెరుస్తుంది. ప్లాస్టిక్, లోహపు పొరలు కలిపి అతికించిన సరుకు కాబట్టి దాన్ని విడదీసి మళ్ళీ వాడటం కష్టం. కొనేవాడుండడు. ఏరేవాళ్ళు ఈ తేడాని కళ్ళతో కంటే వేళ్ళతోనే ముందు పట్టేస్తారు. మందపాటి రబ్బరు గ్లవుజులు ఇచ్చినా చాలామంది వేసుకోకపోవడానికి ఇదొక కారణం. గ్లవుజు వేసుకుంటే సరుకు తెలియదు, పని సాగదు. వేసుకోకపోతే గాజుపెంకు కోస్తుంది, సూది దిగుతుంది.

అదే పాల ప్యాకెట్ మిగిలిన సాంబారుతోనూ కూరగాయల తొక్కలతోనూ కలిసి రెండు రోజులు కుండీలో నానితే దాని ధర పడిపోతుంది. కాగితమైతే ఇక పనికే రాదు. తడిసిన అట్టపెట్టెను కొట్టువాడు తూకంలో కోత పెట్టి తీసుకుంటాడు, లేదంటే తీసుకోనే తీసుకోడు. అందుకే చెత్త ఏరేవాళ్ళ కూలి ఎంతన్నది వాళ్ళ కష్టం కంటే ఆ చెత్త ఎక్కడ చేతికొచ్చిందన్న దానిమీద ఎక్కువ ఆధారపడుతుంది. డంపింగ్ యార్డులో, పొగలో, లారీ దించిన కుప్ప మీద దొరికితే ఒక ధర. వీధి కుండీలో, కుక్కల మధ్య దొరికితే ఇంకొకటి. ఇంటి గుమ్మం దగ్గర పొడిగా, వేరుగా అందితే అన్నిటికంటే మంచి ధర. గుమ్మం దాకా వెళ్ళే హక్కు దొరకడమే వాళ్ళకి పెద్ద జీతం పెంపు అని నేను నమ్ముతాను. పుణె నగరంలోని చెత్త ఏరే ఆడవాళ్ళు ముప్ఫై ఏళ్ళకు పైగా పోరాడి సాధించుకున్నది సరిగ్గా ఆ హక్కే. అందుకే ఆ కథ మన ఊళ్ళకూ తెలియాలి.

పుణెలో ఈ పని చేసేవాళ్ళలో అత్యధికులు దళిత స్త్రీలు. 1972 నాటి మహారాష్ట్ర కరువులో మరాఠ్వాడా వంటి మెట్టప్రాంతాల నుంచి నగరానికి వలస వచ్చిన కుటుంబాలు వీళ్ళలో చాలానే ఉన్నాయి. ఇళ్ళల్లో పాచిపని దొరకాలన్నా కులం అడ్డొచ్చింది. ఇంకొకరి ఇంట్లోకి అడుగు పెట్టనక్కర్లేని పని ఇదొక్కటే మిగిలింది. తెల్లవారకముందే గోనెసంచి భుజాన వేసుకుని బయల్దేరడం, కుండీ నుంచి కుండీకి మైళ్ళ కొద్దీ నడవడం, ఏరింది నెత్తిన పెట్టుకుని కొట్టుకు మోయడం రోజూ ఉండే పనే. దారిలో పోలీసులు ఆపి దొంగసొత్తేమోనని సంచి విప్పించేవారు. నడుం నొప్పి, చర్మరోగాలు, దగ్గు ఎలాగూ వదలవు. రోగమొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అప్పు కావాలంటే పాత సామాన్ల కొట్టువాడే ఇవ్వాలి. ఆ అప్పు తీరేదాకా సరుకు అతనికే, అతను చెప్పిన ధరకే పోయాలి.

1990ల మొదట్లో పుణెలోని ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్యా విభాగం వారు వీళ్ళకి చదువు నేర్పుదామని వెళ్ళారు. పూర్ణిమా చికర్మణే, లక్ష్మీ నారాయణ్ వంటివారు వీళ్ళతో పాటు కుండీల దాకా నడిచారు. అక్షరాల కంటే ముందు శుభ్రమైన చెత్త కావాలని అప్పుడే తెలిసింది. కొన్ని కాలనీల్లో ఇంటివాళ్ళను అడిగి తడి, పొడి వేరు చేయించి, ఏరేవాళ్ళకి గుర్తింపు కార్డులిచ్చి గుమ్మం దగ్గరే తీసుకోవడం మొదలుపెట్టారు. రాబడి పెరిగింది, తిరుగుడు తగ్గింది. కొన్నాళ్ళకే ఒక ప్రైవేటు వ్యాపారి అదే పనికి బండి దించాడు. చెత్తకి విలువ ఉందని ఎవరో నిరూపించేదాకా అది ఎవరికీ అక్కర్లేదు. నిరూపించాక దాన్ని దక్కించుకునేవాడు మాత్రం వేరొకడు. చెత్త ఏరేవాళ్ళు ఎక్కడ బాగుపడబోయినా ఈ వరుసే మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఆడవాళ్ళు ఆ బండికి అడ్డం నిలబడ్డారు. చిన్నచిన్న గుంపులుగా ఇలాంటివి ఆపలేమని తెలిసి, 1993 మేలో పెద్ద సభ పెట్టారు. హమాలీలను సంఘటితం చేసిన బాబా ఆఢావ్ ఆధ్వర్యంలో 800 మందికి పైగా వచ్చారు. ఆ సభలో పుట్టిన కార్మిక సంఘమే కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల పంచాయితీ అన్నమాట.

అప్పుడు ఆ సంఘం జాలి కోసం కాకుండా లెక్కతో మాట్లాడింది. మేము బిచ్చగాళ్ళం కాదు, కార్మికులం. మేము ఏరి అమ్మిన ప్రతి టన్నూ మునిసిపాలిటీ లారీ ఎక్కనవసరం లేనిదే అని వాదించింది. 2001లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం పుణెలో జరిగిన అధ్యయనం దీనికి అంకె కట్టింది. ఒక్కో మనిషి నెలకి 246 రూపాయల విలువైన పనిని నగరానికి ఉచితంగా చేస్తున్నట్టు తేలింది. రవాణాలో, డంపింగులో నగరానికి మిగులుతున్న సొమ్మది. ఆ వాదన నిలబడింది. 1990ల మధ్యలోనే పుణె నగరపాలక సంస్థ సంఘం ఇచ్చిన గుర్తింపు కార్డులకు తన ఆమోదముద్ర వేసింది. 2000ల మొదట్లో సభ్యులకు వైద్య బీమా ప్రీమియం నగరమే కట్టసాగింది. కార్డు చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పోలీసు సంచి విప్పమన్నప్పుడు చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండటమంటే ఏమిటో ఆ కార్డు లేనివాళ్ళనే అడగాలి.

ఈలోగా 2000లో కేంద్రం మునిసిపల్ ఘనవ్యర్థాల నియమాలు తెచ్చి, ఇంటింటికీ వెళ్ళి చెత్త సేకరించాలని నగరాలకు చెప్పింది. చాలా నగరాలు కాంట్రాక్టర్ల వైపు చూశాయి. చెత్త బరువును బట్టి కాంట్రాక్టరుకు చెల్లించే చోట ఒక చిక్కు వస్తుంది. ఎంత ఎక్కువ బరువు యార్డుకు చేరిస్తే అంత డబ్బు కాబట్టి, దారిలో ఎవరైనా అట్టపెట్టె ఏరుకుంటే అతనికి నష్టం. చెత్త తగ్గించేవాళ్ళని చెత్త దగ్గరకు రానివ్వకుండా చేయడమే అక్కడ లాభసాటి. పుణె సంఘం వేరే దారి ప్రతిపాదించింది. ఆ పని మాకే ఇవ్వండి అంది. 2005లో ప్రయోగంగా మొదలై, 2007లో స్వచ్ఛ్ అనే కార్మికుల సహకార సంస్థ ఏర్పడింది. 2008లో నగరపాలక సంస్థతో అయిదేళ్ళ ఒప్పందం కుదిరింది. ఇప్పుడు అందులో 3,500 మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. పాలకవర్గంలోనూ చెత్త ఏరేవాళ్ళదే పెద్ద సంఖ్య.

ఇక ఆ ఒప్పందం ఎలా నడుస్తుందో చూద్దాం. ఒక్కో మనిషికి, లేదా ఇద్దరి జంటకి, కొన్ని వీధులు కేటాయిస్తారు. వాళ్ళు తోపుడుబండితో, బకెట్లతో రోజూ గుమ్మం గుమ్మం తిరిగి తడి, పొడి వేరుగా తీసుకుంటారు. తడి చెత్తని నగరపాలక సంస్థ బండి ఆగే చోటికి చేరుస్తారు. పొడి చెత్తని షెడ్డులోనో, లేకుంటే ఫుట్‌పాత్ మీదనో గుమ్మరించి కాగితం, అట్ట, సీసా, రేకు, పాల కవరు అని విడివిడిగా పోసి అమ్ముకుంటారు. ఇంటివాళ్ళు నెలకి ఇంత అని సేవా రుసుము కడతారు. ఆ డబ్బు మునిసిపల్ ఖజానాకు వెళ్ళదు, పనిచేసిన మనిషికే చేరుతుంది. మురికివాడల్లో రుసుము తక్కువ, అక్కడ కొంత నగరం భరిస్తుంది. బండ్లు, గ్లవుజులు, వానకోట్లు, సబ్బులు, సంస్థలో సమన్వయకర్తల జీతాలు నగరపాలక సంస్థ బాధ్యత.

లెక్క తేలిక కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒకామెకి 150 ఇళ్ళు, ఇంటికి నెలకి 70 రూపాయలనుకుంటే, అందరూ కడితే 10,500 వస్తుంది. దాని మీద పొడి చెత్త అమ్మకం. ఈ రెండు రాబడులూ వేర్వేరు కారణాలతో పెరుగుతాయి, తరుగుతాయి. అసలు బలం అందులోనే ఉంది. 2008 చివర్లో ప్రపంచ మాంద్యం వచ్చి పాత కాగితం, ప్లాస్టిక్ ధరలు ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు అమ్మకం మీదే బతికేవాళ్ళకి సగం కూలి పోయినంత పనైంది. గుమ్మం రుసుము ఉన్నవాళ్ళకి కనీసం ఒక కాలు నేల మీద ఉంది. అలాగే కొన్ని ఇళ్ళు డబ్బు ఎగ్గొట్టిన నెలలో పాత సామాన్ల అమ్మకం ఆదుకుంటుంది.

ఎగ్గొట్టడం చాలా మామూలు. అదే ఉదాహరణలో 30 ఇళ్ళు కట్టకపోతే 2,100 రూపాయలు పోయినట్టు. పని మాత్రం తగ్గదు. ఆ 30 ఇళ్ళ చెత్త కూడా తీయాల్సిందే, తీయకపోతే మెట్ల మీద పెట్టేస్తారు, ఫిర్యాదు ఆమె మీదే వస్తుంది. ఊరెళ్ళామని, అద్దెకున్నవాళ్ళం మేం కాదని, పన్ను కడుతున్నాం కదా ఇంకా ఎందుకని రకరకాల కారణాలు చెబుతారు. గుమ్మంలో నిలబడి 70 రూపాయలు అడగాల్సిన ఆడమనిషికి ఆ వాదనలో గెలిచే బలం ఉండదు. సహకార సంస్థ సమన్వయకర్త వచ్చి సొసైటీ కార్యదర్శితో మాట్లాడితే కొంత వసూలవుతుంది. ఒంటరిగా పనిచేసేవాళ్ళకి ఆ మాట్లాడే మనిషే లేరు. సహకార సంస్థ వల్ల రోజువారీ పనిలో కనిపించే తేడా ఇదే.

మరో పోరాటం వాడేసిన శానిటరీ ప్యాడ్ల మీద జరిగింది. పిల్లల డైపర్లు, ప్యాడ్లు పొడి చెత్తలో విడిగా పడేస్తే వాటిని చేత్తో తీసి పక్కన పెట్టాల్సింది ఏరేవాళ్ళే. ఇంకొకరి రక్తాన్ని రోజూ చేతులతో తాకడమంటే ఏమిటో వాళ్ళు సభల్లో చెప్పారు. 2013లో స్వచ్ఛ్ సభ్యులు ఆ ప్యాడ్లను మూటలు కట్టి వాటిని తయారుచేసే కంపెనీలకే తిప్పి పంపారు. పాత వార్తాపత్రికలతో సంచులు కుట్టి అమ్మారు, ప్యాడ్లను కాగితంలో చుట్టి ఎర్రచుక్క పెట్టమని ఇళ్ళకు ప్రచారం చేశారు. 2016 ఘనవ్యర్థాల నియమాల్లో ప్యాడ్లు, డైపర్లు గట్టిగా చుట్టి ఇవ్వాలని ఇంటివాళ్ళకూ, చుట్టడానికి సంచి ఇవ్వాలని తయారీదారులకూ చెప్పారు. అమలు ఎంతుందో ఏ ఇంటి బుట్టలో చూసినా తెలుస్తుంది.

ఆ 2016 నియమాలే మొదటిసారి చెత్త ఏరుకునేవాళ్ళెవరో నిర్వచించాయి. వాళ్ళ సంఘాలను గుర్తించాలని, ఇంటింటి సేకరణలో వాళ్ళను కలుపుకోవాలని, గుర్తింపు కార్డులివ్వాలని స్థానిక సంస్థలకు విధి విధించాయి. పుణె ఆడవాళ్ళు చేసి చూపించిన పని చట్టం భాషలోకి వచ్చిందన్నమాట. కానీ ఎక్కువ నగరాలు దాన్ని ఎవరో కొందరికి కార్డులు పంచి ఫొటో దిగడంగా అర్థం చేసుకున్నాయి. కార్డు ఉంది, వీధి లేదు. వీధిని కాంట్రాక్టరుకు రాసిచ్చి, ఏరేవాళ్ళకి కార్డు ఇస్తే ఆ కార్డుతో చేసేదేముంది?

పుణె నమూనాలోనూ లోపాలున్నాయి, అవి దాచకూడదు. సభ్యులు ఎవరి దగ్గరా ఉద్యోగులు కారు. కాబట్టి భవిష్యనిధి లేదు, ఈఎస్‌ఐ లేదు, వారంలో జీతంతో సెలవు లేదు. జ్వరమొస్తే తన వీధికి బదులు మనిషిని తనే చూసుకోవాలి. వేరుచేసే షెడ్లు అన్నిచోట్లా లేవు. వానాకాలంలో రోడ్డు పక్కన కూర్చుని అట్టలు విడదీయడం అంటే సగం సరుకు తడిసిపోవడమే. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఒప్పందం గడువు. ప్రతి అయిదేళ్ళకోసారి వీళ్ళ జీవనాధారం కార్పొరేషన్ సభలో ఓటింగుకి వస్తుంది. 2020 చివర్లో ఒప్పందం ముగిసినప్పుడు వీధులను కాంట్రాక్టర్లకు ఇవ్వాలన్న ప్రయత్నం గట్టిగానే జరిగింది. చిన్న చిన్న పొడిగింపుల మీద నెలలు గడిచాయి. కరోనా రోజుల్లో అందరూ తలుపులేసుకున్నప్పుడు కూడా గుమ్మాలకి వెళ్ళినవాళ్ళు అప్పుడు పని ఉంటుందో ఊడుతుందో తెలియక ధర్నాలు చేశారు. చాలా కాలనీల వాళ్ళు వీళ్ళే కావాలని నగరానికి రాశారు. ఆ తర్వాతే మళ్ళీ కొన్నేళ్ళ ఒప్పందం కుదిరింది. ఇంటివాళ్ళతో రోజూ ముఖాముఖి పరిచయం ఉండటం వల్ల వచ్చిన బలమది. లారీ డ్రైవరు కోసం ఏ కాలనీ వాళ్ళూ ఉత్తరాలు రాయరు.

మన దగ్గర పరిస్థితి చూస్తే, హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోలు 2015 నుంచి తిరుగుతున్నాయి. ఆ ఆటో నడిపే కుటుంబం నెలనెలా ఇళ్ళ నుంచి రుసుము వసూలు చేసుకుంటుంది, అట్ట, సీసా, ప్లాస్టిక్ వేరుచేసి అమ్ముకుంటుంది. పుణెలో చూసిన రెండు రాబడులూ ఇక్కడా ఉన్నాయి. లేనిదల్లా వాళ్ళందరినీ కలిపి నగరంతో ఒప్పందం రాసుకునే సహకార సంస్థ. వీధి పోయినా, బండి వాయిదా మిగిలినా, ఇళ్ళు డబ్బు ఎగ్గొట్టినా ఎవరికి వారే తేల్చుకోవాలి. ఆటో కూడా లేకుండా సంచితో తిరిగేవాళ్ళు ఇంకా కింద ఉన్నారు. ఆటోలో చెత్త వేగంగా వెళ్ళిపోయేకొద్దీ వాళ్ళకి కుండీలో దొరికేది తగ్గిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 తర్వాత పట్టణాల్లో ఇళ్ళ నుంచి వసూలు చేసిన రుసుమును జనం చెత్త పన్ను అన్నారు. అది పెద్ద రాజకీయ వివాదమై 2024లో రద్దయింది. జనం కోపం అర్థమవుతుంది. ఆస్తి పన్నుతో పాటు ఇంకొక బిల్లు వచ్చింది, ఆ డబ్బు ఎవరికి పోతుందో కనబడలేదు. గుమ్మం ముందు నిలబడ్డ మనిషి చేతికే ఆ డబ్బు వెళ్ళి, రాకపోతే అడిగే సంఘం ఆమెకు ఉండి ఉంటే చర్చ వేరే విధంగా నడిచేదని నా అభిప్రాయం. రుసుము వద్దనుకుంటే అదీ సరే. కానీ అప్పుడు ఏరేవాళ్ళకి నగర ఖజానా నుంచే ఆ మొత్తం రావాలి, పొడి చెత్త మీద హక్కూ వాళ్ళకే రాసివ్వాలి. ఈ రెండూ లేకుండా తెచ్చే ఏ కొత్త యంత్రమైనా, ఏ కొత్త లారీ అయినా వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

మునిసిపల్ కమిషనర్లకీ, కౌన్సిలర్లకీ ఒక విన్నపం. ఇంటింటి సేకరణకు టెండరు పిలిచే ముందు ఆ వార్డులో ఇప్పటికే ఎవరు ఏరుకుని బతుకుతున్నారో లెక్క తీయండి. సంఘంగానో సహకార సంస్థగానో వాళ్ళు ఏర్పడేదాకా సాయం చేసి, మొదటి అవకాశం వాళ్ళకివ్వండి. మురుగుకాలువలు శుభ్రం చేసేవారి కోసం కేంద్రం తెచ్చిన నమస్తే పథకంలోకి 2024లో చెత్త ఏరుకునేవాళ్ళని కూడా చేర్చారు, వాళ్ళ పేర్లు నమోదు చేసే పని స్థానిక సంస్థల ద్వారా జరుగుతోంది. పాఠకులకు కూడా ఒక మాట. మీ వీధికి రోజూ వచ్చే మనిషి పేరు ఆ నమోదులో ఉందో లేదో అడగండి. లేకపోతే మునిసిపల్ ఆఫీసుకి ఆమెతో పాటు మీరూ వెళ్ళండి. ఇంట్లో పాల ప్యాకెట్‌ని నీళ్ళతో ఒకసారి కడిగి, ఆరబెట్టి, పొడి చెత్తలో వేయండి. ప్యాడ్లను కాగితంలో చుట్టి ఎర్రచుక్క పెట్టండి. నెల రుసుము ఆమె అడిగేదాకా ఆగకుండా ఒకటో తారీఖునే ఇవ్వండి.